జార్లు పదివేలా, పదివేల ఎనభయ్యా?

పర్చేజ్ ఆర్డరు, అదే పీఓ, పంపిన పూటో మర్నాడో వెండర్ దగ్గర్నుంచి వాట్సాప్‌లో ఒక పీడీఎఫ్ వస్తుంది. పైన ‘ప్రొఫార్మా ఇన్‌వాయిస్’ అని ఉంటుంది. వ్యాపారంలో దాన్ని పీఐ అంటారు. చిన్న యూనిట్లు నడిపేవాళ్లు చాలామంది దాన్ని తెరిచి, అడుగున మొత్తం ఎంతో, బ్యాంకు ఖాతా నంబరు ఏమిటో చూసి అడ్వాన్సు కొట్టేస్తారు. మన ఆర్డరునే వాళ్ల లెటర్‌హెడ్ మీద వేసి పంపారనుకుంటారు. నిజానికి అది చాలాసార్లు మన ఆర్డరు కాదు. తన ప్యాకింగుకు, తన మిషన్ల ఖాళీకి, తన డబ్బు అవసరానికి తగినట్టు వెండర్ దిద్దుకున్న ఆర్డరు. దిద్దడంలో మోసం ఉందని కాదు, ఎవరి వీలు వాళ్లు రాసుకుంటారు. ఏం దిద్దారో మనం చూడకపోతే మాత్రం వాళ్లు రాసిందే ఖాయమవుతుంది.

ఇదెలా జరుగుతుందో తెలియాలంటే ఒక్క ఆర్డరును మొదటినుంచి చివరిదాకా చూడాలి. గుంటూరులో ఇంటి పచ్చళ్ల యూనిట్ నడుపుతున్న ఒకావిడ ఉన్నారనుకుందాం. ఆవకాయ సీజన్‌కి అర కిలో జార్లు కావాలి. హైదరాబాద్‌లో పెట్ జార్లు చేసే యూనిట్‌కి ఏప్రిల్ 6న పీఓ పంపారు. మూతతో సహా 10,000 జార్లు, ఒక్కోటి 11.50 రూపాయలు, జీఎస్టీ అదనం, ఏప్రిల్ 18 కల్లా గుంటూరు యూనిట్‌లో దిగాలి, డబ్బు 30 రోజుల్లో. ఇదీ ఆవిడ రాసింది.

మర్నాడు వచ్చిన పీఐలో జార్లు 10,080 అని ఉంది. జారు 9.80, మూత 2.10 విడివిడిగా వేశారు. జీఎస్టీ 18 శాతం. ‘రవాణా టు-పే’ అని ఒక మూల ఉంది. ‘అడ్వాన్సు అందిన తర్వాత 10 పనిదినాలు, ఎక్స్ ఫ్యాక్టరీ’ అని ఇంకో మూల ఉంది. అడుగున సన్న అక్షరాల్లో ‘50 శాతం అడ్వాన్సు, మిగతాది డిస్పాచ్‌కు ముందు’ అని. వెనకే ఫోనూ వచ్చింది.

“మేడమ్, పీఐ పంపాను, చూశారా? ఓకే కదా?”

“ఆఁ, చూశానండీ. ఓకే. కాస్త తొందరగా పంపించండి.”

ఆ ‘ఓకే’ దేనికి? ఆవిడ మనసులో తన పీఓ ఉంది. అవతలి మనిషి మనసులో తన పీఐ ఉంది. 1872 నాటి మన కాంట్రాక్టుల చట్టం 7వ సెక్షన్ ప్రకారం, ఒక ప్రతిపాదనను ఒప్పుకోవడం అంటే ఏ మార్పూ, ఏ షరతూ లేకుండా పూర్తిగా ఒప్పుకోవడమే. మార్చి ఒప్పుకుంటే అది ఒప్పుకోలు కాదు, ఎదురు ప్రతిపాదన. అంటే పీఐ వచ్చిన క్షణానికి ఆవిడ పీఓ పక్కకు పోయింది, వెండర్ కొత్త మాట చెప్పాడు. ఆవిడ ఫోన్లో ఓకే అన్నా, ఏమీ అనకుండా అడ్వాన్సు పంపినా ఆ కొత్త మాటను ఒప్పుకున్నట్టే లెక్కకొచ్చే అవకాశం ఎక్కువ. ‘మా పీఓలో 18వ తేదీ అని స్పష్టంగా రాశాం కదండీ’ అని తర్వాత ఎంత వాదించినా బలం ఉండదు.

కాబట్టి చేయాల్సిన పని ఏమంత కష్టం కాదు. పీఓ ఒక పక్కన, పీఐ ఒక పక్కన పెట్టుకుని ఒక్కో వరుసా చదవాలి. మొత్తం దగ్గర మొదలుపెట్టకూడదు. మొత్తం అనేది చివరి గీత, తేడాలు పైనెక్కడో ఉంటాయి.

ముందు సంఖ్య. పదివేలు అడిగితే పదివేల ఎనభై ఎందుకు వేశారు? ఈ జార్లను సంచికి 144 చొప్పున కడుతున్నారు. పదివేలను 144తో భాగిస్తే 69 సంచులు పోగా 64 జార్లు మిగులుతాయి. ఆ 64 కోసం సంచి విప్పడం వాళ్లకు తలనొప్పి, అందుకని 70 సంచులు వేశారు. ఇది సబబే, ఒప్పుకోవచ్చు. కాకపోతే జార్లకు 10,080 వేసిన చోట మూతలకు 10,000 అని వేశారేమో చూసుకోవాలి. మూతలు విడిగా, వేరే సంచుల్లో, ఒక్కోసారి వేరే యూనిట్ నుంచి వస్తాయి. ఎనభై జార్లు మూతల్లేకుండా మిగిలిపోతే అవి పప్పులు పోసుకోవడానికే పనికొస్తాయి.

సంఖ్యతో పాటే ‘ఏది’ అన్నదీ తేల్చుకోవాలి. అర కిలో జారు అన్న మాటకు ఇద్దరి అర్థమూ ఒకటే కాకపోవచ్చు. కొందరు మిల్లీలీటర్లలో చెబుతారు, కొందరు గ్రాముల్లో. నూనె పైకి తేలే పచ్చడికి పైన కాస్త ఖాళీ కావాలి. అందుకే తెలిసినవాళ్లు శాంపిల్ జారులో తమ పచ్చడి అర కిలో తూచి నింపి, మూత పెట్టి చూశాకే ఆర్డరిస్తారు. ఇచ్చేటప్పుడు జారు బరువు ఎన్ని గ్రాములో, మెడ కొలత ఎన్ని మిల్లీమీటర్లో పీఓలోనే రాస్తారు. బరువు రాయకపోతే ధర తగ్గించినప్పుడు జారు కూడా పలచబడుతుంది. చేత్తో నొక్కితే సొట్ట పడే జారు కొరియర్‌లో నిలవదు. మూత లోపల సీలు వేసే రేకు బిళ్ల, దాన్ని వాడ్ అంటారు, రేటులో కలిసి ఉందో లేదో కూడా అడగాలి. ఇవి లేని పీఓ చూసి వెండర్ ఒక్క ప్రశ్న కూడా వేయకుండా ‘ఓకే’ అన్నాడంటే నాకైతే అనుమానమే. మూత రంగు ఏమిటని కూడా అడగలేదంటే ఆ కాగితాన్ని ఎవరూ చదవలేదన్నమాట.

ధర సంగతి చూద్దాం. పీఓ ప్రకారం 10,000 జార్లకు 1,15,000, దాని మీద 18 శాతం జీఎస్టీ 20,700, మొత్తం 1,35,700. పీఐ ప్రకారం జారూ మూతా కలిపి 11.90, 10,080కి 1,19,952, జీఎస్టీ 21,591, మొత్తం 1,41,543. దీనికి టు-పే రవాణా తోడవుతుంది. టు-పే అంటే సరుకు దిగినప్పుడు లారీ ఆఫీసుకు కిరాయి మనమే కట్టాలి. జార్లు బరువు తక్కువ, చోటు ఎక్కువ. కిరాయి 4,500 అనుకుంటే తేడా మొత్తం పదివేలు దాటింది. జారుకు నలభై పైసలే కదా పెరిగింది అనుకున్న మనిషికి ఇది కనిపించదు. అందుకే జారు ధర అని కాకుండా, పన్ను, కిరాయి, హమాలీ అన్నీ కలిపి మన గుమ్మంలో దిగేసరికి ఒక్కో జారు ఎంత పడుతుందో లెక్క వేసి అప్పుడు బేరమాడాలి.

పన్ను విషయంలో ఒక చిన్న మాట. ధర పక్కన ‘జీఎస్టీ అదనం’ అనో ‘జీఎస్టీతో కలిపి’ అనో స్పష్టంగా ఉండాలి. 2025 సెప్టెంబరు 22న జీఎస్టీ రేట్లు మారినప్పుడు అట్టపెట్టెల మీద పన్ను 12 నుంచి 5 శాతానికి దిగింది. అంతకుముందే ఖాయమై, ఆ తేదీ తర్వాత దిగాల్సిన ఆర్డర్లు ఉన్నవాళ్లకు ఆ తగ్గుదల ఎవరిదన్న ప్రశ్న వచ్చింది. సరుకు విక్రయ చట్టం 64ఏ సెక్షన్ దీనికి జవాబిస్తుంది. ఒప్పందంలో వేరే మాట లేకపోతే, ఒప్పందం తర్వాత పన్ను పెరిగితే అమ్మినవాడు కలిపి అడగవచ్చు, తగ్గితే కొన్నవాడు తగ్గించుకోవచ్చు.

ఇక తేదీ. గొడవలు ఎక్కువగా వచ్చేది ఇక్కడే, ఎందుకంటే పీఐలో అసలు తేదీయే ఉండదు. ‘10 పనిదినాలు’ అని ఉంటుంది. ఆ లెక్క మనమే వేసి తేదీగా మార్చుకోవాలి. మన ఉదాహరణలో ఆవిడ ఏప్రిల్ 8 సాయంత్రం డబ్బు పంపారు, 9న వెండర్ ఖాతాలో పడింది. 10 నుంచి లెక్కపెడితే 12, 19 ఆదివారాలు, 14 అంబేడ్కర్ జయంతి సెలవు. పదో పనిదినం 22. ‘ఎక్స్ ఫ్యాక్టరీ’ అంటే 22కి జార్లు వాళ్ల గేటు దగ్గర సిద్ధం. అక్కడినుంచి లారీ ఆఫీసుకు, గుంటూరు గోడౌన్‌కు, మన యూనిట్‌కు చేరేసరికి 24. ఆవిడ అడిగింది 18. ఒక్కరూ అబద్ధం చెప్పలేదు, ఒక్కరూ మాట తప్పలేదు, ఆరు రోజులు ఆలస్యం మాత్రం కాగితం మీదే ఖాయమైపోయింది. పీఐలో ‘డిజైన్ ఓకే అయిన తర్వాత’ అన్న ముక్క కూడా ఉంటే, అచ్చు వేసిన మూతల నమూనాను ఆవిడ ఖాయం చేసేదాకా గడియారం అసలు మొదలే కాదు.

డిస్పాచ్ తేదీకీ చేరే తేదీకీ ఉన్న తేడా రెండు రోజుల ఆలస్యంతో అయిపోదు. సరుకు విక్రయ చట్టం 39వ సెక్షన్ ప్రకారం, కొన్నవాడికి పంపమని ఒప్పందం ఉంటే సరుకును రవాణాదారుకు అప్పగించడమే మామూలుగా కొన్నవాడికి అప్పగించినట్టు. అంటే వేరే మాట లేనప్పుడు హైదరాబాద్‌లో లారీ ఎక్కినప్పుడే సరుకు మనకు అందినట్టు లెక్కించవచ్చు. దారిలో సంచులు నలిగినా, గోడౌన్‌లో నాలుగు రోజులు పడి ఉన్నా ‘మేం పంపేశాం, ఇదిగో ఎల్‌ఆర్’ అని లారీ రసీదు ఫొటో పెడతారు. అందువల్ల కన్ఫర్మేషన్‌లో ‘మా గుంటూరు యూనిట్ గుమ్మంలో, ఫలానా తేదీ లోపల’ అన్న మాటలు ఉండాలి. ‘డెలివరీ’ అన్న ఒక్క మాట చాలదు.

తేదీకి అంత పట్టింపు ఉందా లేదా అన్నది కూడా రాయాలి. కాంట్రాక్టుల చట్టం 55వ సెక్షన్ దీన్ని రెండు రకాలుగా చూస్తుంది. గడువే ఒప్పందానికి ప్రాణం అని ఇద్దరూ అనుకున్నదైతే, గడువు దాటాక కొన్నవాడు ఆర్డరు రద్దు చేసుకోవచ్చు. అంత ముఖ్యం కానిదైతే నష్టం అడగవచ్చు గానీ రద్దు చేయలేడు. అదే సెక్షన్‌లో చాలామందికి తెలియని ముక్క ఇంకొకటి ఉంది. గడువే ముఖ్యమని రాసుకున్నాక కూడా, ఆలస్యంగా వచ్చిన సరుకును ఏమీ అనకుండా దించుకుంటే తర్వాత నష్టం అడిగే హక్కు పోతుంది. దించుకునేటప్పుడే ‘ఆలస్యానికి నష్టం అడుగుతాం’ అని తెలియజేయాలి.

చట్టం కంటే ముందు చేయగలిగిన పని ఒకటుంది. తేదీ చెప్పేది మార్కెటింగ్ మనిషి, జార్లు చేసేది మిషన్. వేసవిలో నీళ్ల సీసాలు, కూల్‌డ్రింకుల సీసాల వాళ్లు కూడా అదే ముడిసరుకు మీద పడతారు. కాబట్టి “18కి ఇస్తారా?” అని అడిగితే “తప్పకుండా మేడమ్” అనే వస్తుంది. “మా జార్లు మిషన్ మీదికి ఏ రోజు ఎక్కుతున్నాయండీ?” అని అడిగి చూడండి. తెలిసినవాడైతే తేదీ చెబుతాడు. “కనుక్కుని చెబుతాను” అన్నాడంటే అతను ఇచ్చిన 18వ తేదీ ఇంకా ఫ్యాక్టరీదాకా వెళ్లలేదని అర్థం.

మన ఉదాహరణలో ఆవిడ అలాగే అడిగారు. అంతా 18కి కుదరదని తేలింది. అయితే మొదటి వారానికి తనకు నిజంగా కావాల్సింది నాలుగు వేల జార్లే. కలిపిన ఆవకాయ కొన్నాళ్లు పెద్ద డ్రమ్ముల్లో ఊరుతుంది గనుక మిగతావి ఆగినా ఫరవాలేదు. 30 సంచులు 18కి, 40 సంచులు 25కి అని విడదీశారు. మొదటి విడత 4,320, రెండో విడత 5,760. ఫ్యాక్టరీ కూడా ఊపిరి పీల్చుకుంది.

డబ్బు షరతు చివరిది గానీ చిన్నది కాదు. ఆవిడ రాసిన ‘30 రోజులు’ ఏ రోజు నుంచి? బిల్లు తేదీ నుంచా, సరుకు దిగిన రోజు నుంచా? రెండు విడతలైతే మొదటి విడత నుంచా, రెండో విడత నుంచా? రాయని చోట ఎవరికి అనుకూలమైన తేదీని వాళ్లు పట్టుకుంటారు. అసలు డబ్బు గడువు గురించి ఒప్పందంలో మాటే లేకపోతే, చట్టం ప్రకారం సరుకు ఇవ్వడమూ డబ్బు ఇవ్వడమూ ఏకకాలంలో జరగాలి. అంటే ‘అప్పు మామూలే కదా’ అన్న ఆచారం మీద ఆధారపడటం కొన్నవాడికే ప్రమాదం.

ఇక్కడ చిన్న పరిశ్రమలకు రక్షణగా 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం ఒకటి ఉంది. వెండర్ సూక్ష్మ లేదా చిన్న తరహా యూనిట్‌గా నమోదై ఉంటే, రాతపూర్వక ఒప్పందం ఉన్నా గడువు 45 రోజులు దాటకూడదు. ఒప్పందం లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. గడువు లెక్క సరుకు అందిన రోజు నుంచి మొదలవుతుంది. సరుకులో లోపం ఉందని 15 రోజుల్లోపు రాతలో తెలియజేస్తే, ఆ లోపం తీరిన రోజు నుంచి మొదలవుతుంది. పైగా 2023-24 నుంచి ఆదాయపు పన్నులో 43బి(హెచ్) నిబంధన వచ్చింది. ఇలాంటి వెండరుకు గడువు లోపల చెల్లించని మొత్తాన్ని ఆ ఏడాది ఖర్చుగా చూపుకోవడానికి వీల్లేదు, చెల్లించిన ఏడాదిలోనే చూపాలి. తాను తయారు చేయకుండా కొని అమ్మే వ్యాపారికి మాత్రం ఉద్యమ్ నమోదు ఉన్నా ఈ ఆలస్యపు చెల్లింపుల రక్షణ రాదు. అందుకే వెండర్ ఉద్యమ్ సర్టిఫికెట్ ముందే తెప్పించుకుని, అందులో తయారీ అని ఉందో వ్యాపారం అని ఉందో చూసుకోవడం మంచిది.

జార్ల వెండర్ 30 రోజుల అప్పుకు ఒప్పుకోలేదు. కొత్త కొనుగోలుదారు, మూతలు ఆవిడ పేరుతో అచ్చు వేయాలి, రేపు ఆవిడ వద్దంటే అవి ఇంకెవరికీ పనికిరావు. అతని భయం సహజమే. చివరికి 50 శాతం అడ్వాన్సుకు ఆవిడ ఒప్పుకున్నారు, దానికి బదులుగా రవాణా అతను భరిస్తాడు. మిగతా సగం రెండో విడత దిగిన 15 రోజుల్లో. ధర అతను అడిగిన 11.90నే ఉంచారు. కిరాయి తప్పింది గనుక ఆవిడకు నష్టం లేదు.

ఇదంతా ఫోన్లో తేలాక ఆవిడ మళ్లీ ఒక మెయిల్ పెట్టారు. అదే కాపీ వాట్సాప్‌లోనూ పంపారు.

“నమస్తే అండీ. మా ఏప్రిల్ 6 పీఓ, మీ ఏప్రిల్ 7 పీఐ గురించి ఈ రోజు ఫోన్లో అనుకున్నవి ఇవి. 500 గ్రాముల పెట్ జార్లు 10,080, అంటే 70 సంచులు. మూతలు, వాడ్లు కూడా 10,080. జారు, మూత, వాడ్ కలిపి 11.90. జీఎస్టీ 18 శాతం అదనం. గుంటూరు మా యూనిట్ దాకా రవాణా, దించే ఖర్చు మీదే. 30 సంచులు ఏప్రిల్ 18 లోపల, 40 సంచులు ఏప్రిల్ 25 లోపల మా గుమ్మంలో దిగాలి. సీజన్ సరుకు గనుక ఈ తేదీలు మాకు తప్పనిసరి. మొత్తం 1,41,543 రూపాయల్లో సగం 70,772 రేపు పంపుతాం. మిగతా 70,771 రెండో విడత అందిన 15 రోజుల్లో. మీ పీఐలో వేరేగా ఉన్నవాటికి బదులు ఇవే వర్తిస్తాయి. ఇలాగే సవరించిన పీఐ పంపండి, అది అందాకే అడ్వాన్సు వేస్తాం.”

ఇందులో బలమైన మాట చివరి వాక్యం. అడ్వాన్సు పడేదాకా వెండర్ సవరిస్తాడు, పడ్డాక సవరించమని వెంటపడాల్సింది మనం. ‘ఇలాగే సవరించి పంపండి’ అన్నది ఎందుకంటే, మన మెయిల్‌కు ‘ఓకే’ అని జవాబిచ్చినా వాళ్ల అకౌంట్స్ విభాగం చూసేది తమ పీఐనే. బిల్లు కూడా దాన్నిబట్టే వేస్తారు. సవరించిన పీఐ రాకపోతే బిల్లులో పాత 50 శాతం నిబంధనా, టు-పే రవాణా మళ్లీ ప్రత్యక్షమవుతాయి.

డబ్బు పంపే ముందు ఇంకొక్క పని. సవరించిన పీఐలో బ్యాంకు ఖాతా నంబరు మొదటిదే ఉందా అని చూడాలి. మారి ఉంటే, ఆ కాగితంలో ఇచ్చిన ఫోను నంబరుకు కాదు, మన దగ్గర పాతగా ఉన్న నంబరుకు ఫోన్ చేసి అడగాలి. మెయిల్ పెట్టె చొరబడి, వెండర్ పేరుతో ఖాతా మారిన బిల్లు పంపి డబ్బు కొట్టేసే మోసం ఇప్పుడు చిన్న ఆర్డర్లలోనూ జరుగుతోంది.

ఏప్రిల్ 18న లారీ వచ్చింది. సంచులు లెక్కపెడితే 29. డ్రైవర్ చలానా మీద సంతకం పెట్టమన్నాడు. అక్కడ ‘30 సంచులు అందాయి’ అని సంతకం పెడితే అప్పటిదాకా రాసిన కాగితాలన్నీ వృథా. ఆవిడ చలానా రెండు ప్రతుల మీదా ‘29 సంచులు అందాయి, ఒకటి తక్కువ’ అని రాసి, తేదీ వేసి, ఫొటో తీసి వెండర్‌కు పంపారు. తక్కువ వస్తే మొత్తం తిప్పి పంపే హక్కు సరుకు విక్రయ చట్టం 37వ సెక్షన్ ఇస్తుంది. ఉంచుకుంటే ఉంచుకున్న దానికే ఒప్పందం రేటున డబ్బు ఇవ్వాలి. సీజన్‌లో తిప్పి పంపేదెవరు? 144 జార్లను రెండో విడతలో కలిపి 41 సంచులు పంపమన్నారు. దానికి మళ్లీ సవరించిన పీఓ తీసి, పీఓ నంబరు పక్కన ‘సవరణ 1’ అని వేశారు.